టీవీ బ్రాకెట్: ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి

గోడకు బిగించిన టీవీ ఊడి కింద పడిందంటే అందరూ ముందు బ్రాకెట్‌ను అనుమానిస్తారు. ఇనుప రేకు బ్రాకెట్ విరగడం చాలా అరుదు. గోడలోంచి స్క్రూ బయటికి రావడమే అసలు సంగతి. హనుమకొండలోనో కాజీపేటలోనో మామూలు ఇంటి గోడను తీసుకుంటే పైన కనిపించేది గిలాబు లేదా ప్లాస్టరింగ్, అంటే ఇసుక, సిమెంటు కలిపి పూసిన 12 నుంచి 20 మిల్లీమీటర్ల పొర. దానికి గోడను నున్నగా ఉంచడమే పని, బరువు మోయడం కాదు. మోసేది లోపలున్న ఇటుక. రంధ్రం ఎంత లోతు ఉండాలి, స్క్రూ ఎంత పొడవు ఉండాలి, ఎక్కడిదాకా బిగించాలి అన్న మూడు లెక్కలూ దీని మీదే నడుస్తాయి.

ముందు బరువు సంగతి చూద్దాం. 55 అంగుళాల టీవీ సుమారు 15 కిలోలు ఉంటుందనుకుందాం. గోడకు ఆనుకుని ఉండే ఫిక్స్‌డ్ బ్రాకెట్‌లో టీవీ బరువు గోడ నుంచి 6 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. బ్రాకెట్ కింది అంచు గోడకు ఆని ఉంటుంది, పై స్క్రూలు దానికి 20 సెంటీమీటర్ల పైన ఉంటాయి. అప్పుడు పై స్క్రూలను గోడలోంచి లాగే బలం 15ను 6తో గుణించి 20తో భాగిస్తే వస్తుంది. అది నాలుగున్నర కిలోలే. అదే టీవీని ముందుకు లాగే చేయి ఉన్న బ్రాకెట్‌కు పెట్టి 45 సెంటీమీటర్లు బయటికి తెస్తే ఆ లాగుడు 34 కిలోలకు చేరుతుంది, చేయి సొంత బరువు దీనికి అదనం. నిండు బిందెను చంకన పెట్టుకోవడానికీ, చాచిన చేత్తో పట్టుకోవడానికీ ఉన్నంత తేడా ఇది. కాబట్టి నాలుగున్నర అంగుళాల పార్టిషన్ గోడకైతే ఫిక్స్‌డ్ బ్రాకెట్టే మంచిది. చేయి ఉన్నది కావాలంటే తొమ్మిది అంగుళాల గోడ చూసుకోవాలి.

గుర్తులు పెట్టే ముందు గోడను వేలి కణుపుతో అక్కడక్కడ తట్టండి. గట్టిగా, పొట్టిగా శబ్దం వస్తే ప్లాస్టరింగ్ ఇటుకను పట్టుకునే ఉంది. డొల్లగా మోగితే లోపల విడిపోయింది. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా గోడలో వైరు పైపు పోతుంటుంది. ఆ నిలువు పట్టీలో డ్రిల్ పెట్టొద్దు, పని మొదలుపెట్టేముందు ఆ వైపు ఎంసీబీ దించేయాలి.

మట్టం దగ్గర చాలామంది చేసే పొరపాటు నేల నుంచి టేపుతో రెండు చోట్లా కొలిచి గుర్తు పెట్టడం. నేల అన్నిచోట్లా ఒకే ఎత్తులో ఉండదు, నీళ్లు పోవడానికి ఎక్కడో ఒకచోట వాలు ఉంటుంది. స్లాబు కూడా నమ్మదగింది కాదు. బ్రాకెట్‌లో 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రెండు రంధ్రాల మధ్య ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే, 122 సెంటీమీటర్ల వెడల్పున్న 55 అంగుళాల టీవీ రెండు చివరల మధ్య 3 మిల్లీమీటర్ల తేడా అవుతుంది. అందుకే ఎత్తును ఒకేచోట కొలిచి ఒకటే గుర్తు పెట్టి, మిగిలినవి రసమట్టంతో తేల్చుకోవాలి. రసమట్టాన్ని బ్రాకెట్ మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, దాన్ని కుడి ఎడమలు తిప్పి మళ్లీ అక్కడే పెట్టండి. బుడగ రెండుసార్లూ మధ్యలోనే ఉంటే రసమట్టం సరైనదే. ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగితే పనిముట్టులోనే తేడా ఉంది.

నాలుగు గుర్తులూ పెట్టి నాలుగూ ఒకేసారి తవ్వడం కన్నా, పైవరుసలో ఒక రంధ్రం తవ్వి, బ్రాకెట్‌ను ఒక్క స్క్రూతో వదులుగా వేలాడదీసి, రసమట్టంతో సరిచేసి రెండో గుర్తు పెట్టడం మేలు. డ్రిల్ బిట్టు మొదట నున్నటి ప్లాస్టరింగ్ మీద జారుతుంది. గుర్తు మీద మేకుతో చిన్న గుంట కొట్టి, మొదటి కొంత లోతు హ్యామర్ లేకుండా తిప్పితే రంధ్రం పక్కకు పోదు, అంచు పెచ్చులు లేవవు.

ఇప్పుడు కొలతలు. 10 మిల్లీమీటర్ల నైలాన్ ప్లగ్ 50 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అది మొత్తం ఇటుకలోనే కూర్చోవాలి. ప్లాస్టరింగ్ 15 అనుకుంటే అక్కడికే 65. దుమ్ము చేరడానికీ స్క్రూ మొన దాటడానికీ ఇంకో 15 కలిపితే రంధ్రం 80 మిల్లీమీటర్ల లోతు తవ్వాలి. బిట్టుకు 80 దగ్గర టేపు చుట్టుకుంటే సరిపోతుంది. స్క్రూకు బ్రాకెట్ రేకు, వాషర్ కలిపి 4 మిల్లీమీటర్లు, ప్లాస్టరింగ్ 15, ప్లగ్ 50, మొన ప్లగ్‌ను దాటడానికి 8 కావాలి. అంటే మొత్తం 77. కాబట్టి 80 మిల్లీమీటర్ల స్క్రూ తీసుకోవాలి. డబ్బాతో వచ్చే స్క్రూలు చాలాసార్లు 50 లేదా 60వే ఉంటాయి. వాటికి సరిపడేలా ప్లగ్‌ను గోడ అంచుదాకానే దించితే దాని పై భాగం ప్లాస్టరింగ్‌లోనే విచ్చుకుంటుంది, ఆ పొర పగులుతుంది.

తవ్వేటప్పుడు కింద రాలే పొడి రంగును చూస్తూ ఉండండి. మొదట బూడిద రంగు పొడి రాలితే అది ప్లాస్టరింగ్. తర్వాత ఎర్ర పొడి వస్తే బిట్టు ఇటుకలోకి దిగింది. ఎరుపు రంగు ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర మొదలైందో చూస్తే మీ గోడ ప్లాస్టరింగ్ మందం తెలిసిపోతుంది. ఎరుపు అసలు రాకుండా బూడిద రంగే చివరిదాకా వస్తూ బిట్టు మెత్తగా దిగిపోతోందంటే రెండు ఇటుకల మధ్య మాలులో ఉన్నట్టు. మట్టి ఇటుకల గోడలో సుమారు తొమ్మిది సెంటీమీటర్లకు ఒక అడ్డ అతుకు వస్తుంది. కాబట్టి బ్రాకెట్‌ను నాలుగు సెంటీమీటర్లు పైకో కిందికో జరిపితే ఇటుక నడుమ దొరుకుతుంది. ఫ్లైయాష్ ఇటుకల గోడకు ఈ గుర్తు పనిచేయదు, అక్కడ పొడి అంతా బూడిద రంగే. బిట్టు మీద చేతికి తగిలే గట్టితనంతోనే తెలుసుకోవాలి. పాత ఇళ్లలో మట్టి అడుసుతో కట్టిన గోడలైతే అతుకు దగ్గర పట్టు దాదాపు ఉండదు.

రంధ్రంలోని పొడిని గాలి కొట్టి తీసేయాలి. పొడి మిగిలితే ప్లగ్ దానిలో జారుతుంది. ప్లగ్ వేళ్లతో సగం దిగి, మిగతా సగానికి సుత్తి దెబ్బలు అడగాలి. వేళ్లతోనే మొత్తం దిగిపోతే రంధ్రం పెద్దదైంది. ప్లాస్టరింగ్ దాటాక లోపలికి నెట్టడానికి పాత స్క్రూ మొద్దు వైపు పనికొస్తుంది.

బిగించేటప్పుడు ఏ స్క్రూనూ ఒకేసారి చివరిదాకా తిప్పొద్దు. అన్నింటినీ వదులుగా ఎక్కించి, మట్టం మళ్లీ చూసి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా పానాతో బిగించాలి. వాషర్ పూర్తిగా ఆని, వేలితో తిప్పితే కదలనప్పుడు ఇంకో పావు చుట్టు చాలు. ప్లగ్ పట్టు ఇటుకకూ నైలాన్‌కూ మధ్య ఒత్తిడి వల్ల వచ్చేది. అతిగా తిప్పితే స్క్రూ నైలాన్‌ను కోసేస్తుంది. బరువుగా తిరుగుతున్న పానా ఒక్కసారిగా తేలికైతే అది జరిగినట్టే. స్క్రూతో పాటు ప్లగ్ కూడా తిరిగితే రంధ్రం వదులు. బిగిస్తుంటే వాషర్ చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వచ్చి కరకరమంటే కింద డొల్ల ఉంది, ప్లాస్టరింగ్ నలిగిపోతోంది. అక్కడ ఆపి, డొల్ల భాగాన్ని చెక్కి, మాలు పూసి, వారం పాటు నీళ్లు కొట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

పాడైన రంధ్రంలో అగ్గిపుల్లలు, కర్ర ముక్కలు కొట్టి పనికానిచ్చేవాళ్లున్నారు. వానకాలంలో కర్ర ఉబ్బుతుంది, మన ఎండాకాలంలో ఎండి ముడుచుకుంటుంది, స్క్రూ వదులైపోతుంది. ఆ రంధ్రాన్ని వదిలేసి కనీసం 5 సెంటీమీటర్లు పక్కకు జరగాలి. బ్రాకెట్ రంధ్రాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి అంత జరుపు చాలాసార్లు దొరుకుతుంది. దొరక్కపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను ఆరు స్క్రూలతో గోడకు పరచి, దాని మీద బ్రాకెట్ బిగించవచ్చు.