డయాలసిస్ సరిపోయిందా? Kt/V లెక్క

డయాలసిస్ పేషెంట్ రిపోర్టులో 1.19 అని ఒక అంకె కనబడుతుంది. అదే Kt/V. ఇందులో K అంటే రక్తాన్ని వడకట్టే డయలైజర్ నిమిషానికి ఎంత రక్తాన్ని యూరియా అనే వ్యర్థం లేకుండా శుభ్రం చేస్తోందో ఆ కొలత. t సెషన్ సాగిన సమయం, V ఒంట్లో యూరియా కలిసి ఉండే మొత్తం నీరు. నిమిషానికి 200 మి.లీ. చొప్పున 240 నిమిషాలు నడిస్తే 48 లీటర్లు శుభ్రమైనట్టు. ఒంట్లో నీరు 35 లీటర్లయితే Kt/V 1.37. అదే మనిషి 40 నిమిషాలు ముందే లేచిపోతే 1.14కి పడిపోతుంది.

కానీ నిజంగా అందిన K ఎంతో ముందుగా తెలియదు. అందుకే సెషన్‌కు ముందు, తర్వాత యూరియా చూసి వెనక నుంచి లెక్క కడతారు. ఎక్కువగా వాడే డాగిర్డాస్ సూత్రం ఇది:

```
Kt/V = -ln(R - 0.008 × t) + (4 - 3.5 × R) × UF/W
```

ln అంటే సహజ లాగరిథమ్, R అంటే తర్వాతి యూరియాను ముందుదానితో భాగిస్తే వచ్చేది. ఇక్కడ t గంటల్లో, UF తీసిన నీరు లీటర్లలో, W సెషన్ తర్వాతి బరువు కిలోల్లో. ఉదాహరణకు ముందు యూరియా 140, తర్వాత 52, సమయం 4 గంటలు, తీసిన నీరు 2.5 లీటర్లు, బరువు 60 కిలోలు అనుకుందాం. R 0.371 అవుతుంది. మొదటి భాగం 1.08, రెండోది 0.11, మొత్తం 1.19. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి లక్ష్యం 1.4, కనీసం 1.2 అందాలి. అంటే ఇది గీతకు కాస్త కిందే ఉంది.

తేడా వచ్చేది ఎక్కువగా చివరి శాంపిల్ దగ్గరే. సూదులు గుచ్చే రక్తనాళమైన ఫిస్టులాలో ప్రవాహం తగ్గితే శుభ్రమైన రక్తమే మళ్లీ మెషిన్‌లోకి వస్తుంది. పంప్ వేగం తగ్గించకుండా శాంపిల్ తీస్తే యూరియా 52కు బదులు 44 అని రావచ్చు. అప్పుడు అదే సెషన్ 1.39గా కనబడుతుంది! తప్పుగా ఎక్కువ వచ్చిన అంకెను ఎవరూ అనుమానించరు, అదే ప్రమాదం. అందుకే నీరు తీయడం ఆపి, పంప్‌ను 100 మి.లీ.కి తగ్గించి, 15 సెకన్లు ఆగి, ఒంట్లోంచి రక్తాన్ని మెషిన్‌కు తెచ్చే ఆర్టీరియల్ లైన్ నుంచి తీస్తారు. పంప్ ఆపాక అరగంట ఆలస్యం చేసినా చిక్కే: కణాల్లోంచి యూరియా రక్తంలోకి తిరిగొచ్చి, అంకె తప్పుగా తగ్గుతుంది.

శాంపిల్ సరిగ్గానే తీసినా 1.19 వస్తే ముందు అసలు నడిచిన నిమిషాలు చూడాలి. అలారాలకు ఆగిన సమయం కూడా పోయినట్టే. తర్వాత పంప్ వేగం, సూదులు తారుమారయ్యాయా, డయలైజర్‌లో రక్తం గడ్డకట్టిందా అని. నెలనెలా అంకె దిగుతుంటే ఫిస్టులా సన్నబడిందేమో స్కాన్ చేయించాలి.

తక్కువ డయాలసిస్ కొనసాగితే ఆకలి చచ్చిపోతుంది, వికారం, నీరసం వస్తాయి. ఇక్కడో మెలిక ఉంది: తిండి తగ్గితే ప్రోటీన్ తగ్గి, సెషన్‌కు ముందు యూరియా కూడా తగ్గుతుంది. రిపోర్టులో యూరియా తక్కువ కనబడగానే బాగుందనుకోకూడదు, ఆ పేషెంట్ ఏం తింటున్నాడో అడగాలి.