వదిలేస్తే సున్నా, పట్టుకుని కూర్చుంటే? నీట్ టైమ్ మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలులో లాంగ్ టర్మ్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పబట్టి పదహారేళ్లయింది. గ్రాండ్ టెస్టు మర్నాడు స్టాఫ్ రూమ్ బయట నిలబడే పిల్లలు, వాళ్ల వెనక నిలబడే నాన్నలు నన్ను సబ్జెక్టు గురించి అడిగేది తక్కువ. "టైమ్ చాల్లేదు సార్" అనే మాటే ఎక్కువ. పేపర్ తెమ్మంటాను. తీరా చూస్తే టైమ్ ఎక్కడో ఒకచోట కారిపోయి ఉంటుంది. ఆ చోటు కూడా దాదాపు ప్రతిసారీ ఒకటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా దాటేస్తాను.

అపోహ: 180 బిట్లు, 180 నిమిషాలు. కాబట్టి బిట్టుకు ఒక నిమిషం.

2025లో ఛాయిస్ బిట్లుండే సెక్షన్ బి తీసేశాక ఈ లెక్క అందరి నోటా వినిపిస్తోంది. భాగహారం కరెక్టే, వాడకమే తప్పు. మొదటి సంగతి, 180 బబుల్స్ పెన్నుతో నింపాలి. ఒక్కోదానికి ఐదు సెకన్లు వేసుకున్నా 15 నిమిషాలు అక్కడే పోతాయి. రెండోది, నాలుగు సబ్జెక్టుల బిట్లు ఒకే బరువు కాదు. బాటనీ, జువాలజీ బిట్టు చదివిన వాళ్లకు అర నిమిషం పని. చదవని వాళ్లకు మూడు నిమిషాలిచ్చినా రాదు. ఫిజిక్స్ లెక్కకు ఒకటిన్నర, రెండు నిమిషాలు మామూలే. అందరికీ సమానంగా పంచితే బయాలజీకి అక్కర్లేని టైమ్ ఇచ్చి ఫిజిక్స్ కడుపు మాడ్చినట్టే.

మా పిల్లలకు నేను చెప్పే పంపకం ఇది. బబ్లింగ్ కూడా ఇందులోనే. రెండింటికి మొదలు. బయాలజీ 90 బిట్లు 2:50కల్లా అయిపోవాలి. కెమిస్ట్రీ 45 బిట్లు 3:40కి. ఫిజిక్స్ 45 బిట్లు 4:40కి. చివరి ఇరవై నిమిషాలు వదిలేసిన వాటి కోసం. చేతి గడియారం లోపలికి రానివ్వరు, గోడ గడియారమే దిక్కు. అందుకే నిమిషాల లెక్క కాకుండా ఈ మూడు టైములే గుర్తుపెట్టుకోమంటాను. కెమిస్ట్రీ బాగా వచ్చిన పిల్లలు అక్కడ ఐదారు నిమిషాలు మిగుల్చుకుంటారు, అది వాళ్లిష్టం.

అపోహ: మొదలుపెట్టిన లెక్క మధ్యలో వదిలితే అంతసేపు పెట్టిన టైమ్ దండగ.

పిల్లల్ని ముంచేది ఇదే.

పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక పాప ఉండేది. నోట్సు చూస్తే ముచ్చటేసేది. ఏ గ్రాండ్ టెస్టులోనూ 720కి 450 దాటేది కాదు. ఒకసారి టెస్టంతా ఆమె బెంచీ పక్కనే కూర్చుని, ఏ బిట్టుకు ఎంతసేపు పడుతోందో నా కాగితం మీద రాసుకున్నాను. ఫిజిక్స్‌తో మొదలుపెట్టింది. 78 నిమిషాలు. తర్వాత కెమిస్ట్రీ 52, బాటనీ 40. జువాలజీకి మిగిలింది పది నిమిషాలు. 24 బిట్లు చేసింది, 21 ఖాళీ.

ఆ 78 నిమిషాల్లో 31 నిమిషాలు కేవలం ఐదు లెక్కల దగ్గర పోయాయి. అందులో రెండు రైటు, మూడు తప్పు. రైటుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. అంటే 8 లోంచి 3 పోగా 5 మార్కులు. మర్నాడు ఆ 21 జువాలజీ బిట్లు ఇచ్చి చేయమన్నాను. పద్నాలుగు నిమిషాల్లో చేసింది, 17 రైటు. నాలుగు తప్పులు తీసేసినా 64 మార్కులు. అరగంట పోసి 5 మార్కులు కొనుక్కుని, 64 మార్కులు బల్ల మీదే వదిలేసి వచ్చింది.

ఎందుకు వదల్లేదని అడిగితే, "ఇంకొంచెం చేస్తే వచ్చేస్తుంది అనిపించింది సార్" అంది. ఆ మాటలో మోసం ఉంది. నాలుగు నిమిషాలు పెట్టాక ఆ టైమ్ ఎలాగూ తిరిగి రాదు. ఇప్పుడు చూడాల్సింది ఒకటే: వచ్చే రెండు నిమిషాలు ఈ లెక్క మీద పెడితే ఎక్కువా, ఇంకా చూడని నాలుగు జువాలజీ బిట్ల మీద పెడితే ఎక్కువా? మా వూరి రైతుకు ఇది చెప్పక్కర్లేదు. రెండు బోర్లు ఎండిపోయాక మూడోది వేయాలా వద్దా అని ఆయన రాత్రంతా ఆలోచిస్తాడు. ఆయన కొడుకు మాత్రం హాల్లో మూడో బోరు వేస్తూనే ఉంటాడు.

ఎప్పుడు వదలాలి? మూడు గుర్తులు చెబుతాను. ఒకటి, రెండుసార్లు చదివినా మొదటి లైను ఏం రాయాలో తోచలేదు. వెంటనే వదలండి. రెండు, రాసిందే మళ్లీ రాస్తున్నారు. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం: లెక్క పూర్తయింది, మీ జవాబు ఆప్షన్లలో లేదు. ఎక్కువ టైమ్ తగలబడేది ఇక్కడే, ఎందుకంటే దాదాపు అయిపోయిందనిపిస్తుంది. ఒక్కసారి మూడు విషయాలు చూడండి. సెంటీమీటర్లు మీటర్లుగా మార్చారా, వ్యాసం ఇస్తే వ్యాసార్ధం అనుకున్నారా, గ్రాములు కిలోల్లోకి తెచ్చారా. అక్కడ దొరికితే సరే. దొరక్కపోతే మొదటి నుంచి మళ్లీ చేయొద్దు. నంబరు పక్కన చుక్క పెట్టి కదలండి.

వదిలేసింది పోయినట్టు కాదు. చివరి ఇరవై నిమిషాల్లో అదే లెక్కను చల్లబడ్డ బుర్రతో చూస్తే తప్పు చాలాసార్లు కంటికి కనబడుతుంది.

ఆ పాపను బయాలజీతో మొదలుపెట్టించాను. మొదటి రెండు టెస్టుల్లో ఏడ్చింది, లెక్కలు వదలడం చేతకాక. మూడోదానికి జువాలజీలో ఖాళీలు లేవు.

వదిలేవాళ్లకు ఒక హెచ్చరిక. 47 వదిలి 48 జవాబును 47లో దిద్దేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పెన్ను కాబట్టి చెరపలేరు. పక్క బబుల్ కూడా దిద్దితే అది తప్పు కిందే లెక్క. అందుకే బబ్లింగ్ ఆఖరికి దాచొద్దు. బుక్‌లెట్‌లో ఒక పేజీ అవగానే నంబరు మనసులో అనుకుంటూ దిద్దండి. వదిలిన నంబరును కూడా అనుకోండి.

అపోహ: నెగటివ్ ఉంది కాబట్టి ఖచ్చితంగా తెలియనిది ముట్టుకోకూడదు.

భయం అర్థమవుతుంది. కానీ లెక్క చూద్దాం. రైటుకు +4, తప్పుకు -1. ఐదు బిట్లు గెస్ చేసి ఒక్కటి రైటయినా 4 వచ్చి 4 పోతాయి, చేతికి సున్నా. అంటే ఐదింట ఒకటి కన్నా ఎక్కువ తగిలితే లాభమే. నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేయగలిగితే రెండింట ఒకటి తగులుతుంది, బిట్టుకు సగటున ఒకటిన్నర మార్కు. అలాంటి పది బిట్లు భయంతో వదిలేస్తే 15 మార్కులు పోగొట్టుకున్నట్టే.

మరి ఏమీ తెలియని బిట్టు? కళ్లు మూసుకుని పెడితే సగటున పావు మార్కు వస్తుంది. అది సగటు మాత్రమే. ఇరవై బిట్లు అలా పెడితే సగటు 5 మార్కులు, కానీ దాదాపు నాలుగోవంతు మంది మైనస్‌లోకి పోతారు. పైగా టై పడితే సబ్జెక్టు మార్కుల తర్వాత తప్పుల నిష్పత్తి కూడా చూస్తారు. అందుకే పూర్తి గుడ్డి గెస్‌ల మీద నాకు మోజు లేదు. రెండు, మూడు అయితే పట్టించుకోను. ఇరవై పెట్టానంటే మాత్రం కోప్పడతాను.

గెస్ అంటే గుడ్డిగా పెట్టడమే అనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ. కప్పీ మీద తాడు, రెండు వైపులా m1, m2. త్వరణం ఎంత? ఫార్ములా మర్చిపోయారు. ఆప్షన్లు ఇలా ఉన్నాయనుకోండి:

```
(1) g(m1+m2)/(m1-m2)
(2) g(m1-m2)/(m1+m2)
(3) 2g(m1-m2)/(m1+m2)
(4) g·m1/(m1+m2)
```

రెండు బరువులూ సమానమైతే త్రాసు కదలదు, త్వరణం సున్నా రావాలి. ఒకటి, నాలుగు పోయాయి. ఇప్పుడు m2 సున్నా అనుకోండి. అవతల బరువే లేదు కాబట్టి m1 స్వేచ్ఛగా పడాలి, g రావాలి. మూడో ఆప్షన్ 2g ఇస్తోంది, అదీ పోయింది. ఇరవై సెకన్లలో రెండో ఆప్షన్ మిగిలింది. బయాలజీలో జతపరచండి బిట్టు కూడా అంతే. ఒక్క జత గట్టిగా తెలిస్తే చాలాసార్లు రెండు ఆప్షన్లు అక్కడికక్కడే రాలిపోతాయి.

ఒక్క చిక్కుంది. పేపర్ తయారుచేసేవాళ్లు సగం తెలిసినవాడి కోసమే ఒక ఆప్షన్ పెడతారు. కాబట్టి "రెండిట్లో ఒకటి" అని మీకనిపించేవి నిజంగా ఎన్ని తగులుతున్నాయో మీరే లెక్కపెట్టుకోవాలి. గ్రాండ్ టెస్టులో అలాంటి బిట్టు పక్కన గీత, గుడ్డి గెస్ పక్కన ఇంటూ పెట్టండి. కీ వచ్చాక విడివిడిగా లెక్కించండి. నాలుగైదు టెస్టులు చూడకుండా ఒక నిర్ణయానికి రావద్దు. పోయినేడు ఒక అబ్బాయికి ఫిజిక్స్‌లో గీతలు సగం తగిలేవి, కెమిస్ట్రీలో ఆరింట ఒకటి కూడా తగల్లేదు. వాడికి రెండు సబ్జెక్టులకు రెండు రూల్సు పెట్టాను.

మిగతా పుకార్లు

మూడో ఆప్షన్ ఎక్కువ వస్తుందట. ఎవరు లెక్కపెట్టారో చెప్పరు. తెలియనివన్నీ ఒకే ఆప్షన్ పెడితే సేఫ్ అట. సగటు అదే పావు మార్కు, ఎటు పెట్టినా. టాపర్లు ఫిజిక్స్‌తోనే మొదలుపెడతారట. 2025లో ఫిజిక్స్ ఎంత కష్టంగా వచ్చిందో, మొదటి ర్యాంకే 686 దగ్గర ఎలా ఆగిందో గుర్తుంది కదా. ఆ రోజు ఫిజిక్స్‌తో మొదలుపెట్టి, చేతులు చల్లబడి, ఆ వణుకుతోనే బయాలజీలోకి వెళ్లిన పిల్లలు నాకు తెలుసు.

ఈఏపీసెట్ రాసేవాళ్లకు మాత్రం

మన బైపీసీ పిల్లలు రెండూ రాస్తారు కాబట్టి ఇది చెప్పాలి. అక్కడ 160 బిట్లు, మూడు గంటలు, నాలుగు సబ్జెక్టులకు నలభై చొప్పున. నెగటివ్ లేదు. వదిలే పద్ధతి అదే, కానీ చివర్లో ఒక్కటి కూడా ఖాళీగా ఉండకూడదు. ఆఖరి ఐదు నిమిషాలు ఖాళీలు నింపడానికే ఉంచుకోండి. నీట్ అలవాటులో అక్కడ కూడా పన్నెండు బిట్లు "సేఫ్‌గా" వదిలేసి వచ్చిన అబ్బాయి ఉన్నాడు. వాళ్ల నాన్న నా ముందే వాణ్ని తిట్టబోతే ఆపాను. రెండు పరీక్షలకు రెండు రూల్సని వాడికి ముందే చెప్పాల్సింది నేను.