సజ్జ పిండి ఎందుకు చేదెక్కింది?

చిన్నీ, నానీ,

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన దానికి రెండు మాటల్లో జవాబు చెప్పేశాను గానీ, పెట్టేశాక తృప్తిగా అనిపించలేదు. ముప్పై ఏళ్లు పిండి మర నడిపినవాణ్ణి. ఇంత మంచి ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పకపోతే ఎలా? అందుకే ఈ ఉత్తరం.

మే మొదటి వారంలో నేను పంపిన మూడు కిలోల సజ్జ పిండి పదో రోజుకే చేదెక్కింది. అమ్మ రొట్టె చేస్తే నోట్లో పెట్టుకోలేకపోయారు. అదే అలమరలో రెండు నెలల క్రితం కొన్న మైదా మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. పిండిలో పురుగు లేదు, బూజు లేదు, తడి తగల్లేదు. మరి ఏం చెడింది?

ముందు ఒక పని చేయండి. నాలుగు గోధుమ గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఒకదాన్ని గోటితో నొక్కి చూడండి. ఒక కొనలో పసుపుపచ్చగా, నువ్వుగింజలో సగం కూడా ఉండనంత చిన్న ముక్క ఊడి వస్తుంది. అదే అంకురం. మొక్క మొలిచేది దాని నుంచే. మొలక తొలి రోజుల్లో బతకడానికి కావలసిన నూనెలో చాలా భాగం అందులోనే ఉంటుంది. పైన గోధుమరంగు తొక్క తవుడు. లోపల తెల్లగా ఉన్నదంతా పిండి పదార్థం. మైదా అంటే తవుడు, అంకురం తీసేసి ఆ తెల్లటి భాగాన్ని మాత్రమే ఆడించినది. చెడిపోయే సరుకు ముందే పోయింది కాబట్టే అది అన్నాళ్లు నిలుస్తుంది.

సజ్జ గింజ గోధుమ కంటే చాలా చిన్నది, కానీ దాని అంకురం గింజతో పోలిస్తే చాలా పెద్దది. వంద గ్రాముల సజ్జల్లో సుమారు ఐదు గ్రాముల కొవ్వు ఉంటుంది. గోధుమ పిండిలో ఒకటిన్నర గ్రాములు, మైదాలో ఒక గ్రాము లోపే. ఈ మూడు అంకెలు చూస్తే ఏ పిండి ముందు చెడుతుందో మీరే చెప్పేయగలరు. రాగుల్లో రెండు గ్రాముల లోపే, అందుకే రాగి పిండి సజ్జ పిండిలా తొందరపడదు. చిరుధాన్యాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

అయితే సజ్జలు మూటలో ఏడాది ఉన్నా బాగుంటాయి కదా, నూనె అప్పుడూ ఉందిగా అని నాని అడుగుతాడు. అడగాల్సిందే. గింజలో నూనెతో పాటు దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము కూడా ఉంటుంది. గింజ విరగనంత కాలం ఆ రెండూ వేర్వేరు అరల్లో ఉంటాయి, ఒకదానికొకటి తగలవు. మర రాళ్ల మధ్య గింజ నలిగిన క్షణం అరలన్నీ పగిలి రెండూ కలిసిపోతాయి. లైపేజ్‌కి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. పొడిగా కనిపించే పిండిలో ఉండే కాస్త చెమ్మ చాలు. అది నూనెను విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలు వదులుతుంది. ఆ తర్వాత గాలిలోని ఆక్సిజన్ వాటి మీద పనిచేస్తుంది. చేదు, పాత నూనె వాసన వచ్చేది ఇక్కడే. వేడి ఎక్కువైతే ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. మే నెలలో, వంటగదిలో, పొయ్యి పక్క అలమరలో పెట్టారు. పది రోజులు ఆగిందంటే అదే గొప్ప.

గోధుమ పిండిలోనూ జరిగేది ఇదే, కాకపోతే నూనె తక్కువ కాబట్టి నెమ్మదిగా. మరలో పట్టించిన గోధుమ పిండిని ఎండాకాలంలో మూడు వారాల్లో, చలికాలంలో నెలా నెలన్నరలో వాడేయమని నేను మరకి వచ్చే వాళ్లందరికీ చెప్పేవాణ్ణి. సజ్జ పిండైతే ఎండాకాలంలో వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోమనేవాణ్ణి. అరకిలో పట్టించడానికి మొహమాటపడేవారు. మొహమాటం ఎందుకు? మరవాడు ఏమీ అనుకోడు.

ఇక దాచడం సంగతి. మర నుంచి వచ్చిన పిండి చేయి పెడితే వెచ్చగా ఉంటుంది. చాలామంది చేసే తప్పు ఆ వేడి మీదే డబ్బాలో పోసి మూత బిగించడం. లోపల ఆవిరి పట్టి మూత కింద చెమ్మ చేరుతుంది, పిండి ఉండలు కడుతుంది, తర్వాత బూజు. పాత నూలు చీర మీద పలచగా పరిచి గంటసేపు ఫ్యాన్ కింద ఆరనివ్వండి. చల్లారాక గాలి చొరని డబ్బాలో నిండుగా నొక్కి పోయండి. డబ్బా అడుగున పాత పిండి ఉంటే దాని మీద కొత్తది పోయకండి. డబ్బా కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాకే పోయండి.

ఫ్రిజ్‌లో పెడితే లైపేజ్ ఆగిపోదు, మందగిస్తుంది. సజ్జ పిండి అక్కడ నెల దాకా బాగుంటుంది, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. కానీ చల్లటి డబ్బాని తీసిన వెంటనే తెరిస్తే బయటి గాలిలోని తేమ పిండి మీద చేరుతుంది. అందుకే అరకిలో చొప్పున చిన్న డబ్బాల్లో పెట్టి, వాడాల్సినదాన్ని ఒక గంట ముందు బయట పెట్టి, ఆ తర్వాతే మూత తీయాలి.

దీనికంటే మంచి ఉపాయం ఒకటుంది, పిండి మీద కాదు, గింజ మీద చేసేది. ఎండాకాలపు వేడికి లైపేజ్ జోరందుకుంటుంది గానీ, మరిగే నీళ్లంత వేడికి మాత్రం తట్టుకోలేదు. కిలో సజ్జలు కడిగి పలచటి గుడ్డలో వదులుగా మూట కట్టండి. ఐదు లీటర్ల నీళ్లు తెర్లుతుండగా మూటను అందులో అర నిమిషం ముంచి తీసేయండి. అంతకు మించి ఉంచితే గింజ ఉడకడం మొదలుపెట్టి ఒకదానికొకటి అంటుకుంటుంది. నీళ్లు ఓడ్చి, రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టి, పంటి కింద పెడితే టక్కున విరిగేలా అయ్యాక మరకి పంపండి. సగం ఆరిన గింజ పట్టిస్తే బూజు పట్టి అసలుకే మోసం. బాగా ఆరితే ఆ పిండి బయట ఉన్నా మూడు వారాల పైనే చేదెక్కకుండా ఉంటుంది. గాలి చేసే పని మాత్రం ఆగదు, కాబట్టి నెలలకొద్దీ ఉంచొద్దు. గింజల్ని వేయించినా లైపేజ్ చచ్చిపోతుంది కానీ ఆ పిండి జావకీ లడ్డూలకీ బాగుంటుంది, రొట్టెకి అంత నప్పదు.

పిండి చెడిందో లేదో తెలియాలంటే రొట్టె చేసేదాకా ఆగక్కర్లేదు. చెంచాడు పిండిలో గోరువెచ్చటి నీళ్లు కలిపి వాసన చూడండి. పొడి పిండిలో దాక్కున్న వాసన తడి తగలగానే పైకి వస్తుంది. తర్వాత కాస్త నాలుక మీద వేసుకోండి. తాజా సజ్జ పిండి చివర్లో కొంచెం తియ్యగా తగులుతుంది. చెడినదాని చేదు నాలుక వెనక్కి పాకి, ఉమ్మేసినా ఉంటుంది. అలాంటిదాన్ని జల్లించినా, బెల్లం కలిపినా, ఫ్రిజ్‌లో పెట్టినా మళ్లీ బాగుపడదు. పారేయండి.

ఈసారి బస్సులో పిండి పంపడం లేదు, గింజలే పంపుతున్నాను. ఎర్ర దారం కట్టిన మూటలోవి వేడినీళ్లలో ముంచి ఆరబెట్టినవి, తెల్ల దారంలోవి మామూలువి, అరకిలో చొప్పున. రెండూ ఒకే రోజు వేరువేరుగా పట్టించి, డబ్బాల మీద తేదీ రాసి పక్కపక్కనే పెట్టండి. అయిదో రోజున ఒకసారి, పదో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి చెంచాడు తీసి నీళ్లలో కలిపి చూసి, ఏ డబ్బా ఎలా ఉందో నాకు ఫోన్ చేసి చెప్పండి.

మీ
తాతయ్య