యామ్నియాలో పుస్తకాలు తీసేశారా?

మొన్న రాత్రి పదిన్నరకి ఒక అయ్యగారు ఫోన్ చేశారు. పల్లెలో సంఘం నడుపుకుంటారు, మా సాయంత్రం క్లాసుకి ఏడాది పాటు బస్సెక్కి వచ్చిన పెద్దాయన. ఎవరో వీడియో పంపారట. "సార్, క్రీ.శ. 90లో యూదులు యామ్నియాలో మహాసభ పెట్టి, క్రీస్తు గురించున్న పుస్తకాలు పాత నిబంధనలోంచి తీసేశారంట కదా? అయితే ముప్పై ఏళ్లుగా నేను చదివి వినిపించింది సగం పుస్తకమేనా?" అడుగుతుంటే ఆయన గొంతు వణికింది. పాపం, ఆ రాత్రి ఆయనకి నిద్ర లేనట్టే ఉంది. ఆ వీడియో చేసినవాడికి మాత్రం హాయిగా పట్టి ఉంటుంది.

రబ్బీల, అంటే యూదు ధర్మబోధకుల కాలం పాఠం చెప్పడం మొదలెట్టాక ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. అందుకే దీన్ని తీరిగ్గా చెప్తాను.

అపోహ: యామ్నియా మహాసభ బైబిల్ పుస్తకాల జాబితా తేల్చింది, కొన్నింటిని తీసేసింది.

వాస్తవం: అలాంటి మహాసభ జరిగిందనడానికి ఆధారం లేదు. అది 1871లో గ్రేట్స్ అనే చరిత్రకారుడు చేసిన ఊహ. దాదాపు వందేళ్లు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు. 1960లలో పండితులు మూలాలు తిరగేస్తే ఊహ నిలబడలేదు.

మరి మూలంలో ఏముంది? రబ్బీల నియమాలూ వాదాలూ కూర్చిన గ్రంథం మిష్నా. అందులో 'యదాయిమ్', అంటే 'చేతులు' అనే భాగం ఉంది. పవిత్రమైన గ్రంథపు చుట్టను ముట్టుకుంటే చేతులు అపవిత్రమవుతాయని రబ్బీల నియమం. తలకిందులుగా అనిపిస్తుంది కానీ, మిష్నా మీద తర్వాతి చర్చలున్న తల్మూదు చెప్పే కారణం ఇంటి సంగతే. యాజకులకిచ్చే ధాన్యాన్ని, "ఇదీ పవిత్రమే, అదీ పవిత్రమే" అంటూ గ్రంథాల పక్కనే దాచేవారట. చుట్టలు పాడవడం చూసి, రెండూ ఒకచోట పెట్టకుండా ఈ నియమం పెట్టారు. ఎలుకలు చేరేవని వ్యాఖ్యాతలు వివరించారు.

ఇక వాదన ఏమిటంటే, పాత నిబంధనలోని పరమగీతము, ప్రసంగి ఈ నియమం కిందికి వస్తాయా రావా అని. రెండూ వస్తాయని డెబ్బై రెండు మంది పెద్దల నోట విన్నానంటాడు బెన్ అజ్జాయ్ అనే పండితుడు. పరమగీతము మీద అసలు ఎవరికీ పేచీ లేదు, ఉంటే గింటే ప్రసంగి మీదే అంటాడు రబ్బీ అకీవా. అంతే. ఏ పుస్తకాన్నీ తీసేయలేదు, క్రీస్తు ప్రస్తావనే లేదు. క్రీస్తు గురించేనని మనం చదువుకునే యెషయా 53వ అధ్యాయం యూదుల బైబిల్లో ఈరోజుకీ ఉంది. యెరూషలేము దేవాలయం కూలకముందే రాసిన, మృత సముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన యెషయా చుట్టలోనూ ఉంది. అయ్యగారికి ముందు ఈ మాటే చెప్పాను.

యామ్నియా అంటే యూదయలోని యవ్నే ఊరు. అక్కడ నిజంగా జరిగినది ఇంకో రకం పని. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని తగలబెట్టాక, యోహానాన్ బెన్ జక్కాయ్ చుట్టూ కొందరు పండితులు అక్కడ చేరారు. వాళ్ల ముందున్న చిక్కుల్లో ఒకటి చూడండి. కొత్త సంవత్సరం పండుగ విశ్రాంతిదినాన పడితే, కొమ్ము బూర దేవాలయంలో ఊదేవారు, బయట ఊర్లలో ఊదేవారు కాదు. ఇప్పుడు దేవాలయమే లేదు. న్యాయసభ ఉన్న ప్రతిచోటా ఊదవచ్చని యోహానాన్ నియమం చేశాడు. కాదు, ఆయన చెప్పింది ఒక్క యవ్నేకే అన్నాడు రబ్బీ ఎలాజార్. యవ్నే అయినా, న్యాయసభ ఉన్న మరే ఊరైనా ఒకటే అన్నారు మిగతావాళ్లు. తర్వాతి ఆచారం ఇంకో దారి పట్టింది. ఈనాటి సంప్రదాయ సమాజమందిరాల్లో విశ్రాంతిదినాన బూర ఊదరు. ఒక్క సభ కూర్చుని అన్నీ తేల్చేసిందనేవాళ్లకి ఈ ఒక్క బూర చాలు.

ఈ వాదనలు చాలాకాలం నోటి మీదే నడిచాయి. 132-135లో రోమా మీద చేసిన తిరుగుబాటు ఓడిపోయాక కేంద్రం గలిలయకు మారింది. అక్కడ సుమారు 200లో యెహూదా హనాసీ అనే రబ్బీ మిష్నాను కూర్చాడు. మొత్తం ఆరు విభాగాలు, అందులో ఒకటి పూర్తిగా బలులు, దేవాలయ సేవల మీదే. బలిపీఠం పోయి అప్పటికి నూట ముప్పై ఏళ్లు! ఓడిపోయిన వాదాన్నీ పేరుతో సహా ఉంచారు. రేపు ఇంకో న్యాయసభకి అది సరైనదిగా తోస్తే, ఆధారం దొరకాలి కదా అని మిష్నాయే కారణం చెప్తుంది.

మిగతావి గబగబా. మిష్నా, తల్మూదు ఒకటి కాదు. తల్మూదు అంటే మిష్నా, దాని మీద తర్వాతి తరాల చర్చ కలిపి. దేవాలయం పోయిన మర్నాడే రబ్బీల రాజ్యం రాలేదు, వాళ్ల మాట జనంలో పాతుకోవడానికి శతాబ్దాలు పట్టింది. "కంటికి కన్ను" అని మిష్నా కాలపు రబ్బీలు కళ్లు పీకించేవారన్నదీ కట్టుకథే. గాయపరిచినవాడు నష్టం, నొప్పి, వైద్యం, పోయిన పనిదినాలు, అవమానం, ఈ ఐదింటికీ డబ్బు కట్టాలని మిష్నా లెక్క చెప్తుంది.

అయ్యగారు అంతా విని, "అయితే ప్రసంగి మీద ఎందుకండీ పేచీ?" అన్నారు. పదకొండున్నర అయింది. ఆ పుస్తకం ఒకచోట సంతోషం వల్ల ఏం ఒరుగుతుందంటుంది, ఇంకోచోట సంతోషాన్ని మెచ్చుకుంటుంది, ఆ పొంతన కుదరకే పక్కన పెట్టేద్దామా అనుకున్నారని తల్మూదులో ఉందన్నాను. "నాకూ అదే అనుమానం సార్" అని ఫోన్ పెట్టేశారు.