తలుపు ఎందుకు ఎగిరిపోయింది? 4×4 మ్యాట్రిక్స్‌ల వరుసపై అపోహలు - వాస్తవాలు

ఒక అపార్ట్‌మెంట్‌కి 3డీ వాక్‌త్రూ చేస్తున్నప్పుడు నాకు ఎదురైన సమస్య ఇది. బెడ్‌రూమ్ తలుపు తెరవగానే, అది మడతబందుతో సహా ఊడిపోయి ఇంటి బయట తేలింది. ఎర్రర్ ఏమీ రాలేదు. జరిపే మ్యాట్రిక్స్, తిప్పే మ్యాట్రిక్స్ విడివిడిగా చూస్తే రెండూ సరైనవే. తప్పంతా వాటిని గుణించిన వరుసలో ఉంది.

అపోహ: రొటేషన్ మ్యాట్రిక్స్ వస్తువును దాని చోటులోనే తిప్పుతుంది.

వాస్తవం: అది ఎప్పుడూ మూలబిందువు (0,0,0) చుట్టూనే తిప్పుతుంది. స్కేలింగ్ కూడా అక్కడి నుంచే సాగదీస్తుంది. నా తలుపు మడతబందు p = (2,0,0) దగ్గర ఉంది. తలుపు వెడల్పు 0.9 మీటర్లు కాబట్టి రెండో అంచు (2.9,0,0) దగ్గర ఉంటుంది. మడతబందు చుట్టూ తిప్పాలంటే ముందు దాన్ని మూలబిందువుకు తేవాలి, అక్కడ తిప్పాలి, మళ్లీ పాత చోటికి పంపాలి. జరపడాన్ని కూడా గుణకారంగా రాయడానికే నాలుగో అడ్డు వరుస, నాలుగో నిలువు వరుస ఉన్నాయి. బిందువుకు నాలుగో అంకెగా 1 పెడితే, మ్యాట్రిక్స్ చివరి నిలువు వరుసలోని దూరం దానికి కలుస్తుంది.

అపోహ: ముందు రాసిందే ముందు జరుగుతుంది.

వాస్తవం: బిందువును నిలువు వెక్టర్‌గా రాసి కుడివైపు పెడితే, దానికి దగ్గరగా ఉన్న మ్యాట్రిక్స్ ముందు పనిచేస్తుంది. అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. T జరిపే మ్యాట్రిక్స్, R తిప్పే మ్యాట్రిక్స్ అనుకుంటే, తలుపుకు కావలసింది ఇది:

```
M = T(p) * R * T(-p)
```

y అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పుదాం. అంచు (2.9,0,0) ముందు (0.9,0,0) అవుతుంది, తిరిగాక (0,0,-0.9), చివరికి (2,0,-0.9). తలుపు చక్కగా తెరుచుకుంది.

నేను రాసింది `T(-p) * R * T(p)`. అప్పుడు అదే అంచు (4.9,0,0) అయి, (0,0,-4.9)కి తిరిగి, (-2,0,-4.9) దగ్గర ఆగింది. కదలకూడని మడతబందు కూడా (-2,0,-4)కి వెళ్లిపోయింది.

ఆ ఫార్ములా నేను ఒక డైరెక్ట్‌ఎక్స్ పాఠం నుంచి తీసుకున్నాను. అక్కడ బిందువు అడ్డు వెక్టర్, ఎడమవైపు ఉంటుంది. `v * T(-p) * R * T(p)` అక్కడ పూర్తిగా సరైనదే. నేను వాడుతున్న జీఎల్ఎమ్ అనే సీ++ గణిత లైబ్రరీలో వెక్టర్ కుడివైపు ఉంటుంది. ఎవరి ఫార్ములా అయినా తెచ్చుకునే ముందు, వెక్టర్ ఏ వైపు ఉందో చూడండి.

జీఎల్ఎమ్‌లో కోడ్ ఇలా ఉంటుంది:

```cpp
glm::mat4 M(1.0f);
M = glm::translate(M, p);
M = glm::rotate(M, glm::radians(90.0f), glm::vec3(0,1,0));
M = glm::translate(M, -p);
```

ప్రతి లైనూ కొత్త మ్యాట్రిక్స్‌ను M కుడివైపు చేరుస్తుంది. అందుకే చివరి లైన్ బిందువు మీద మొదట పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

అపోహ: ఓపెన్‌జీఎల్ నిలువు వరుసల చొప్పున దాచుకుంటుంది కాబట్టి గుణకారం తిరగేయాలి.

వాస్తవం: మెమరీలో అంకెలు ఎలా పేర్చారన్నది ఒక విషయం, వెక్టర్ ఏ వైపు ఉందన్నది వేరే విషయం. నిలువు వెక్టర్‌తో నిలువు పేర్పు, అడ్డు వెక్టర్‌తో అడ్డు పేర్పు వాడితే, రెండిట్లోనూ జరిపే దూరం, సున్నా నుంచి లెక్కిస్తే, 12, 13, 14 స్థానాల్లోనే ఉంటుంది. అంకెల వరుస పూర్తిగా ఒకటే. కొందరు టెన్షన్‌లో ట్రాన్స్‌పోజ్ చేసి, వరుస కూడా తిరగేస్తారు. ఒక్కోసారి రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బొమ్మ సరిగ్గానే కనిపిస్తుంది. మరొకరు అందులో ఒకదాన్ని సరిదిద్దగానే సీన్ మొత్తం చెదిరిపోతుంది.

అపోహ: స్కేలింగ్ ముందు చేసినా తర్వాత చేసినా ఒకటే.

వాస్తవం: అన్ని వైపులా సమానంగా పెంచితే, రొటేషన్‌తో మాత్రమే అది నిజం. అందుకే 2,2,2తో టెస్ట్ చేస్తే తప్పు బయటపడదు. మూలబిందువు మధ్యలో ఉండేలా పెట్టిన, భుజం 2 ఉన్న చదరాన్ని z చుట్టూ 45 డిగ్రీలు తిప్పి, ఆ తర్వాత x వైపు మాత్రమే రెట్టింపు చేస్తే, మూలలు (±2.83, 0), (0, ±1.41) దగ్గరికి వస్తాయి. లంబకోణాలు పోయి సాగిన రాంబస్ అవుతుంది. ముందు సాగదీసి తర్వాత తిప్పితే దీర్ఘచతురస్రంగానే ఉంటుంది. S స్కేలింగ్ మ్యాట్రిక్స్ అనుకుంటే, మామూలు వస్తువులకు `T * R * S` వాడటానికి కారణం ఇదే.

వరుస సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను రెండు చోట్ల చూస్తాను. `T * R * S` అయితే చివరి నిలువు వరుసలో మీరు ఇచ్చిన దూరం యథాతథంగా కనిపించాలి. (5,0,0) ఇస్తే (0,5,0) కనిపించిందంటే, జరిపిన తర్వాత తిప్పారన్నమాట. తలుపు లాంటి వాటికి ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ సరైన M చివరి నిలువు వరుసలో కూడా (2,0,2) ఉంటుంది. కాబట్టి మడతబందు బిందువునే M తో గుణించి చూస్తాను. అది (2,0,0)గానే తిరిగి రావాలి.