పద్నాలుగు బోర్లా, పదకొండు బోర్లా?

పరిశోధన పత్రాల చివర ఇప్పుడు చాలా పత్రికలు ఒక చిన్న పేరా రాయమంటున్నాయి. ఫలితాలకు ఆధారమైన డేటా ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు ఎలా చూడవచ్చు అన్నది అందులో చెప్పాలి. దాని పేరు డేటా లభ్యత ప్రకటన. పత్రమంతా రాసి అలసిపోయినవారు దాన్ని ఒక్క వాక్యంతో తేల్చేస్తారు: “కోరినవారికి డేటా ఇవ్వగలం.” వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ మాట నమ్మి నిజంగానే అడిగి చూసినవారున్నారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, ఇలా మాట ఇచ్చిన 1,792 పత్రాల రచయితలను డేటా పంపమని కోరారు. చేతికొచ్చింది 122 పత్రాల డేటా. ఎక్కువమంది అసలు జవాబే రాయలేదు.

వారంతా కావాలని దాచుకున్నారని అనలేం. పీహెచ్‌డీ పూర్తయ్యాక విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ పనిచేయదు, ల్యాప్‌టాప్ మారిపోతుంది, ఫైలు ఏ పెన్‌డ్రైవ్‌లో ఉందో గుర్తుండదు. అందుకే డేటాను మనిషి దగ్గర కాకుండా, పరిశోధన ఫైళ్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే నిల్వకేంద్రంలో పెట్టమంటారు. అయితే పెట్టినంత మాత్రాన పని అయిపోదు. పెట్టిన ఫైలుతో పత్రంలోని అంకె మళ్లీ రావాలి. అసలు చిక్కంతా అక్కడే.

వరంగల్ ప్రాంతానికి కొత్త కాని విషయమే తీసుకుందాం, బోరు నీటిలో ఫ్లోరైడ్. హనుమకొండలో ఒక పరిశోధక విద్యార్థిని 40 బోర్ల నీటిని వేసవిలో ఒకసారి, వానలు వెళ్లాక మరోసారి పరీక్షించిందని ఊహించుకోండి. మొత్తం 80 నమూనాలు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. “14 బోర్లలో ఫ్లోరైడ్ 1.5 దాటింది” అని ఆమె పత్రంలో రాసింది. పట్టికను సీఎస్‌వీ ఫైలుగా నిల్వకేంద్రంలో పెట్టింది.

ఎక్కడో ఉన్న పాఠకుడు ఆ ఫైలు తెరిచి, 1.5 దాటిన వరుసలు లెక్కపెడితే 22 వచ్చాయి. ఒక్కో బోరుకు రెండు కాలాల సగటు తీస్తే 11 బోర్లు దాటాయి. రెండు కాలాల్లోనూ దాటినవి 8 మాత్రమే. మరి 14 ఎక్కడిది? ఏదో ఒక కాలంలోనైనా దాటిన బోర్లను ఆమె లెక్కించింది. రెండుసార్లూ దాటినవి 8, ఒక్కసారే దాటినవి 6, కలిపి 14. ఆమె లెక్కలో తప్పు లేదు. ఎలా లెక్కించిందో ఎక్కడా రాయలేదు, అంతే. తమాషా ఏమిటంటే 80లో 22 అన్నా, 40లో 11 అన్నా శాతం 27.5 దగ్గరే తేలుతుంది. పత్రంలోనేమో 35 శాతం ఉంటుంది. రెండు దారుల్లో వెళ్లినా ఒకే శాతం రావడంతో పాఠకుడు పత్రమే తప్పని తీర్మానించుకుంటాడు.

ఫైలులోని ఒక బోరును దగ్గరగా చూడండి:

```
well_id,season,sample_date,fluoride_mg_L
W07,pre,2023-05-11,1.62
W07,post,2023-11-20,1.31
```

వేసవిలో 1.62, వానల తర్వాత 1.31, సగటు 1.465. ఈ బోరు పద్నాలుగులో ఉంటుంది, పదకొండులో ఉండదు. ఫైలు పక్కన పెట్టే రీడ్‌మీ అనే వివరణ ఫైలులో “ఏ ఒక్క కాలంలోనైనా విలువ 1.5 కంటే ఎక్కువైతే ఆ బోరును పరిమితి దాటినట్టు లెక్కించాం” అని రాస్తే గొడవ లేదు. ఆ లెక్క చేసిన చిన్న ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, కూడా ఉంటే ఇంకా మంచిది.

విలువలను పరికరం చూపినట్టే ఉంచడం కూడా ముఖ్యమే. అందంగా ఉంటుందని ఒక దశాంశ స్థానానికి కుదిస్తే 1.54 కాస్తా 1.5 అయి కూర్చుంటుంది. అది ఇక పరిమితి దాటినట్టు కాదు. 22 వరుసల్లో నాలుగు 1.51కీ 1.54కీ మధ్య ఉంటే, కుదించిన ఫైలులో 18 మాత్రమే మిగులుతాయి. కుదింపు పత్రంలోని పట్టికకు సరిపోతుంది, నిల్వ చేసే ఫైలుకు పనికిరాదు.

ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన తంటా ఒకటుంది. జిల్లా కాలమ్‌లో “వరంగల్” అని రాస్తే అది ఏ వరంగల్? 2016 అక్టోబరుకు ముందైతే పాత పెద్ద జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, రూరల్ అని రెండున్నాయి. 2021లో అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. ములుగు 2019లో విడి జిల్లాగా ఏర్పడింది. పాత నివేదికల అంకెలను కొత్త వాటితో కలిపి చూసేవారు ఇక్కడ సులభంగా బోల్తా పడతారు. గ్రామం పేరుతో పాటు 2011 జనాభా లెక్కల గ్రామ కోడ్ ఇవ్వడం ఉత్తమం, జిల్లాలు మారినా ఆ కోడ్ మారదు. ఊళ్ల పేర్లు తెలుగులో రాసేవారు ఫైలును అన్ని భాషల లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచాలి. లేకపోతే అవతలివారికి అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి.

అన్నీ బయట పెట్టాలని కూడా లేదు. క్షేత్ర పుస్తకంలో బోరు యజమాని పేరు, ఫోను నంబరు ఉంటాయి. నిల్వ చేసే ఫైలులో అవి ఉండకూడదు. అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశ స్థానాలతో ఇస్తే పేరు తీసేసినా లాభం లేదు, నేరుగా ఆ పొలంలోని ఆ బోరు దగ్గరికే వెళ్లవచ్చు. రెండు స్థానాలకు కుదిస్తే సుమారు కిలోమీటరు మేర మసకబారుతుంది. 14 అనే అంకెను సరిచూడటానికి అది చాలు. పత్రంలో పటం ఆధారంగా చేసిన విశ్లేషణ ఉంటే మాత్రం చాలదు, ఆ సంగతి ప్రకటనలో ఒప్పుకోవాలి.

నిల్వకు సెర్న్ సంస్థ 2013 నుంచి నడుపుతున్న జెనోడో ఉంది. అది ఉచితం, ఒక్కో నమోదుకు 50 గిగాబైట్ల వరకు తీసుకుంటుంది. మన 80 వరుసలు దానికో లెక్క కాదు. పత్రం పంపేముందే అక్కడ డీఓఐని, అంటే ఫైలుకు శాశ్వత చిరునామాగా ఉండే సంఖ్యను, ముందుగా కేటాయించుకోవచ్చు. దాన్ని ప్రకటనలో రాసి, పత్రం అంగీకారం పొందాక డేటాను బయటపెట్టవచ్చు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. జెనోడో రెండు డీఓఐలు ఇస్తుంది. ఒకటి ఆ వెర్షన్‌కు మాత్రమే చెందుతుంది, రెండోది ఎప్పుడూ తాజా వెర్షన్ వైపు తీసుకెళ్తుంది. ఏడాది తర్వాత విద్యార్థిని ఒక పొరపాటు విలువను సరిదిద్ది వెర్షన్ 2 పెట్టిందనుకోండి. రెండో రకం డీఓఐ పట్టుకుని వచ్చిన పాఠకుడికి 13 బోర్లు కనిపించవచ్చు. పత్రంలో వాడిన వెర్షన్ డీఓఐనే ప్రకటనలో ఇవ్వాలి. అప్పుడు ప్రకటన ఇలా ఉంటుంది:

“40 బోర్ల 80 నమూనాల ఫ్లోరైడ్ విలువలు, కాలమ్‌ల వివరణ, పట్టిక 2ను లెక్కించే స్క్రిప్టు జెనోడోలో వెర్షన్ 1గా ఈ డీఓఐ వద్ద, సీసీ బై 4.0 లైసెన్సుతో ఉన్నాయి. యజమానుల గోప్యత కోసం స్థలాలను కిలోమీటరు మేరకు కుదించి ఇచ్చాం. కచ్చితమైన స్థలాలు కావలసినవారు సంస్థ నైతిక కమిటీ కార్యాలయానికి రాయవచ్చు.”

సీసీ బై అంటే మూలాన్ని పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి. చివరి వాక్యంలో వ్యక్తి ఈమెయిల్ బదులు కార్యాలయం పేరు ఉండటం గమనించండి.

పంపేముందు ప్రయోగశాలలో ఈ పనితో సంబంధం లేని ఒకరికి ఆ లంకె ఒక్కటే ఇచ్చి, వేరే కంప్యూటర్‌లో 14 రాబట్టమనాలి, పక్కన కూర్చుని సాయం చేయకూడదు. తరచుగా స్క్రిప్టు మొదటి వరుసలోనే ఆగిపోతుంది, ఎందుకంటే అందులో రచయిత సొంత కంప్యూటర్‌లోని ఫోల్డరు పేరు రాసి ఉంటుంది. ఆ పరీక్ష దాటినా తేలేది లెక్క సంగతే. నీటిని పరీక్షించిన రోజు, ఫ్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడ్‌ను తెలిసిన గాఢత గల ద్రావణాలతో సరిచూశారో లేదో 80 వరుసలు చెప్పవు. అందుకు ఆ రోజుల క్రమాంకన రీడింగులు మరో ఫైలుగా పెట్టాలి.