అపాయింట్‌మెంట్ చాట్‌బాట్ గురించి డెవలపర్‌కు రాసిచ్చిన కాగితం: అపోహలు, వాస్తవాలు

మా క్లినిక్ వాట్సాప్ నంబరుకు అపాయింట్‌మెంట్ చాట్‌బాట్ తయారుచేస్తున్న డెవలపర్‌గారు, బాట్ ఏమేం చెయ్యాలో ఒక కాగితం మీద రాసివ్వమని నన్ను అడిగారు. పన్నెండేళ్ళుగా రిసెప్షన్‌లో కూర్చుంటున్నాను కాబట్టి గంటలో రాసెయ్యవచ్చనుకున్నాను. అయితే ఆయన పంపిన మొదటి నమూనాను వారం రోజులు నడిపి చూశాక, మా పని గురించి బయటివాళ్ళకు ఉన్న అపోహలన్నీ అందులో చేరాయని అర్థమైంది. అందుకే కావలసినవాటి జాబితాకు బదులు, ఏది అపోహో ఏది నిజమో రాస్తున్నాను. ఇంకో క్లినిక్‌లో ఇదే పనిలో ఉన్నవారికి కూడా పనికిరావచ్చు.

మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న పట్టణం. డాక్టర్లు భార్యాభర్తలు, సారు జనరల్ ఫిజీషియన్, మేడమ్‌గారు గైనకాలజిస్టు. ఓపీ ఉదయం 10 నుంచి 1:30 వరకు, మళ్ళీ సాయంత్రం 6 నుంచి 9 వరకు ఉంటుంది.

అపోహ: బాట్ పని టైము ఇవ్వడం వరకే, జబ్బు సంగతి డాక్టరుగారు చూసుకుంటారు.

మిగిలినవాటికంటే దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగిలినవాటిలో పొరపాటు జరిగితే ఎవరో ఒకరు నన్ను తిట్టి ఊరుకుంటారు, ఇందులో జరిగితే మనిషికే ప్రమాదం. నమూనా నడిచిన వారంలో ఒక రాత్రి 9:40కి వచ్చిన మెసేజ్ ఇది:

```
Amma ki gas pattesindi, gundello baruvuga undi, chematalu. repu 10 ki appointment kavali
```

బాట్ అందులో నుంచి "repu 10" ఒక్కటే ఏరుకుంది. "మీ అపాయింట్‌మెంట్ ఖాయమైంది, రేపు ఉదయం 10:20, టోకెన్ 7" అని జవాబిచ్చింది. మరునాడు 9:15కి నేను తెర తెరిచి చదివేసరికి నా చేతులు చల్లబడ్డాయి. వెంటనే ఫోన్ చేశాను. కొడుకు ఎత్తి, "రాత్రే మెసేజ్ పెట్టాం కదండీ, డాక్టరుగారు చూసే పొద్దున్నకి టైమిచ్చారనుకున్నాం" అన్నాడు. ఆవిడకు షుగరు ఉంది, నొప్పి తగ్గలేదు, రాత్రంతా సోడా తాగించి కూర్చోబెట్టారు. సారు ఫోన్ తీసుకుని, ఇక్కడికి తీసుకురావద్దని, 108కి ఫోన్ చేసి నేరుగా గుండె వైద్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళమని చెప్పారు. అక్కడ ఈసీజీ తీస్తే గుండెపోటేనని తేలింది. ఆవిడ బతికారు. కానీ రక్తం అందని గుండె కండరం గంట గంటకూ చచ్చిపోతుందని, ఒక రాత్రి పోయిందంటే ఎంతో పోయినట్టని సారు ఆ రోజంతా అంటూనే ఉన్నారు.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేను. కంగారులో ఉన్న మనిషికి క్లినిక్ పేరుతో ఒక జవాబు వస్తే, లోపల ఎవరో చదివే పంపారని అనుకోవడం సహజం. వాస్తవం ఏమిటంటే డాక్టరుగారు ఆ నంబరును అసలు చూడరు. నేను చూస్తాను, అదీ క్లినిక్ తెరిచి ఉన్నప్పుడే. కాబట్టి టైములు చూపించకముందే బాట్ ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్నలోని లక్షణాలను డాక్టర్లిద్దరూ కూర్చుని ఖాయం చేశారు. గుండెల్లో నొప్పి లేదా బరువు, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకరపోవడం లేదా ఒక చెయ్యీ కాలూ పడిపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్. గర్భిణికైతే రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, కళ్ళు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి. మూడు నెలల్లోపు పసిబిడ్డకైతే 100.4 లేదా ఆపైన జ్వరం. మాది పిల్లల క్లినిక్ కాకపోయినా బాలింతలు మా నంబరుకే మెసేజ్ పెడతారు కాబట్టి చివరిది చేర్చాం.

వాట్సాప్ బటన్ మీద 20 అక్షరాలే పడతాయని, తెలుగులో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకొస్తాయని, డెవలపర్‌గారూ, మీరే చెప్పారు. అందువల్ల లక్షణాలను మెసేజ్‌లోనే రాసి, కింద మూడు బటన్లు పెడితే చాలు: "ఇవేవీ లేవు", "వీటిలో ఒకటి ఉంది", "సరిగ్గా తెలియదు". మొదటిది నొక్కినవారికి టైములు చూపించండి. రెండోది నొక్కినవారికి టైములు చూపించవద్దు. వారికి డాక్టర్లు ఆమోదించిన ఒకే జవాబు వెళ్ళాలి, అందులో ఒక్క మాట కూడా బాట్ సొంతంగా మార్చకూడదు: "ఇది అపాయింట్‌మెంట్లు ఇచ్చే నంబరు మాత్రమే. మీ మెసేజ్ డాక్టరుగారు చూడలేదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, లేదా దగ్గరలోని ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి." క్లినిక్ వేళల్లో అయితే అదే సమయంలో నా ఫోన్ మోగాలి, తెర మీద ఎర్ర చుక్క వెలిగితే సరిపోదు, ఎందుకంటే పదకొండు గంటలకు నా ముందు పాతికమంది నిలబడి ఉంటారు. మూడో బటన్ నొక్కితే పగలు నేను వాళ్ళకు ఫోన్ చేస్తాను, క్లినిక్ మూసి ఉంటే రెండో బటన్ నొక్కినట్టే లెక్కించండి.

బటన్లు పెట్టినా సగం మంది వాటిని నొక్కకుండా టైపు చేస్తారు, కొందరు వాయిస్ మెసేజ్ పెడతారు. టైపు చేసేవారు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు రాస్తారు. `ayasam`, `aayasam`, `ayaasam` మూడూ ఒకటే. "గ్యాస్" అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మా వైపు గుండెల్లో ఏ ఇబ్బంది వచ్చినా మొదట గ్యాస్ అనే అంటారు. షుగరు ఉన్నవారిలో గుండెపోటు గట్టి నొప్పి లేకుండానే రావచ్చని సారు చెబుతారు. గ్యాస్ అన్న మాటతోపాటు చెమట, ఆయాసం, చెయ్యి లాగడం, బరువు, వీటిలో ఏది కనబడినా ప్రమాద జవాబే వెళ్ళాలి. "గుండె నొప్పి లేదు, చెకప్‌కి వస్తాం" అన్న మెసేజ్‌కు కూడా ఆ జవాబు వెళ్ళిపోతుందని మీరు ఇబ్బందిపడుతున్నారు. వెళ్ళనివ్వండి. అలాంటివారికి నేను ఫోన్ చేసి టైమివ్వడానికి ఒక నిమిషం పడుతుంది, అవతలి తప్పును సరిదిద్దడానికి నిమిషాలు చాలవు. వాయిస్ మెసేజ్‌ను అర్థం చేసుకోవడానికి బాట్ ప్రయత్నించనక్కరలేదు. ప్రశ్న, బటన్లు మళ్ళీ పంపి, పగలైతే ఆ మెసేజ్ నాకు చేరిస్తే చాలు.

బాట్ నుంచి ఎప్పటికీ రాకూడనివి రెండున్నాయి. ఒకటి, "కంగారుపడకండి" అన్న మాట. మర్యాదగా ఉంటుందని మీరు నమూనాలో పెట్టారు, కానీ చదివినవారు దాన్ని డాక్టరు మాటగా తీసుకుని ఇంట్లోనే ఉండిపోతారు. రెండు, మందు పేరు. ఇక మామూలు బుకింగ్ ఖాయమైనప్పుడు కూడా, "ఈలోగా ఇబ్బంది ఎక్కువైతే ఈ టైము వరకు ఆగవద్దు" అన్న వాక్యం టోకెన్ నంబరుకు పైన ఉండాలి. కింద పెడితే ఎవరూ చదవరు.

అపోహ: 10:20 అంటే 10:20.

కాదు. మా దగ్గర నడిచేది టోకెన్. మేడమ్‌గారు కాన్పుకు వెళితే గంటన్నర ఓపీ ఆగుతుంది. బాట్ టోకెన్ నంబరు ఇచ్చి, "సుమారు 10:15 నుంచి 11 మధ్య" అని చెప్పాలి. ఓపీ ఆగినప్పుడు నేను ఒక్క బటన్ నొక్కితే మిగిలిన టోకెన్లందరికీ కబురు వెళ్ళాలి. ఇక్కడ ఒక చిక్కుంది: రోగి చివరిగా మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే, వాట్సాప్ మనల్ని ముందుగా ఆమోదం పొందిన టెంప్లేటు తప్ప మరేదీ పంపనివ్వదు. మూడు రోజుల ముందు బుక్ చేసుకున్నవారికి అప్పటికప్పుడు కబురు రాసి పంపలేం. కాబట్టి "డాక్టరుగారు ఆలస్యం", "ఈ పూట ఓపీ లేదు", "రేపటి అపాయింట్‌మెంట్ గుర్తుచేయడం" అన్న మూడు టెంప్లేట్లను బాట్ మొదలుకాకముందే ఆమోదం చేయించండి.

అపోహ: ఒక ఫోన్ నంబరు, ఒక రోగి.

ఊళ్ళలో ఇంటికి ఒక్కరి ఫోన్‌లోనే వాట్సాప్ ఉంటుంది. ఒకే నంబరు నుంచి అత్తగారికి షుగరు చెకప్, కోడలికి ఏడో నెల, పక్కింటావిడకు జ్వరం. "మీ పేరు" అని అడిగితే ఫోన్ పట్టుకున్నవారి పేరే వస్తుంది. "ఎవరికి చూపించాలి?" అని అడగండి, పేరు, వయసు, పాత చీటీ ఉంటే దాని మీది ఓపీ నంబరు తీసుకోండి. మా రిజిస్టరులో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటలక్ష్మిలున్నారు, వయసే వాళ్ళను విడదీస్తుంది. ఇంకొక సంగతి, కోడలు గర్భిణి అని ఇంట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. అందుకే గుర్తుచేసే మెసేజ్‌లో ఏ డాక్టరో, ఎందుకో రాయవద్దు. టోకెన్, వేళ చాలు.

అపోహ: "రేపు" అంటే రేపే.

రాత్రి పన్నెండున్నరకు "repu" అని రాసినవారు చెప్పేది తెల్లవారబోయే రోజు గురించి, బాట్ మాత్రం తారీఖు మారింది కాబట్టి మరునాటికి ఇచ్చేస్తుంది. ఖాయం చేసేముందు వారం, తారీఖు రెండూ చూపించి అడగాలి.

స్కానింగులో ఆడో మగో చెబుతారా అని అడిగేవారు వారానికి ఒకరైనా ఉంటారు. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరమన్న ఒకే వాక్యం జవాబుగా పెట్టండి, ఆపై సంభాషణ వద్దు.

మార్చిన నమూనా పంపేముందు ఈ నాలుగూ మీరే మీ ఫోన్ నుంచి, రాత్రి పన్నెండు దాటాక టైపు చేసి చూడండి:

```
gas noppi, cheyyi lagutondi, repu time ivvandi
7va nela, baby kadalatam ledu
atta gariki sugar checkup, repu podduna
gunde noppi ledu, checkup ki vastam
```

మూడోదానికి ప్రశ్న, బటన్లు వచ్చి, "ఇవేవీ లేవు" నొక్కాకే టోకెన్ రావాలి, అదీ తెల్లవారబోయే రోజుకు రావాలి. మిగిలిన మూడింటిలో ఏ ఒక్కదానికి టోకెన్ వచ్చినా నాకు పంపవద్దు, మళ్ళీ సరిచెయ్యండి.